మాటలు బాగా కలిశాయి, జవాబు ఆగిపోయింది: మరొక్క సందేశం పంపాలా?

పెళ్లి సంబంధాల వెతుకులాటలో ఉన్నవాళ్లకు ఇప్పుడు తరచుగా ఎదురవుతున్న అనుభవం ఒకటుంది. మాట్రిమొనీ సైటులో ప్రొఫైల్ నచ్చుతుంది. రెండిళ్లలో పెద్దలు సరేనంటారు. అబ్బాయి, అమ్మాయి నంబర్లు తీసుకుని గంటసేపు హాయిగా మాట్లాడుకుంటారు. ఆ తర్వాత ఒకవైపు నుంచి జవాబులు ఆగిపోతాయి. ఔననే మాట రాదు, కాదనే మాటా రాదు. ఇలా చెప్పాపెట్టకుండా తప్పుకోవడాన్నే గోస్టింగ్ అంటున్నారు. డేటింగ్ యాప్‌ల పరిచయాల్లోనూ ఇది మామూలే. అయితే పెళ్లి సంబంధంలో ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తుంటారు కాబట్టి ఆ మౌనం మరింత బరువుగా ఉంటుంది.

పాత పద్ధతిలో ‘కాదు’ అనే కబురు మోసుకొచ్చే మనిషి ఒకరుండేవారు. మధ్యవర్తి వచ్చి, ‘జాతకాలు కుదరలేదటండీ’ అనేవారు. అది అసలు కారణమా కాదా అని ఎవరూ తవ్వేవారు కాదు. సంబంధం ముగిసిందని మాత్రం తేలిపోయేది, ఇల్లు మరో సంబంధం వైపు చూసేది. నంబర్లు నేరుగా చేతులు మారాక ఆ కబురు చెప్పే పని అబ్బాయి, అమ్మాయిల మీదే పడింది. ఎదుటి మనిషిని నొప్పించకుండా కాదనడం ఎలాగో ఇద్దరికీ ఎవరూ నేర్పలేదు. చాలామంది మౌనాన్ని ఆశ్రయించడానికి ఒక కారణం ఇదే.

పరిచయం చిన్నదైనా బాధ ఎందుకు పెద్దది?

‘ఒక్కసారి మాట్లాడినందుకే ఇంత బాధా?’ అని పక్కవాళ్లు అంటారు. బాధపడేవాళ్లూ తమను తామే అలా కోప్పడతారు. పక్కన పెట్టేస్తే మనిషికి ఏమవుతుందో మనస్తత్వ శాస్త్రవేత్త కిప్లింగ్ విలియమ్స్ ఏళ్ల తరబడి పరిశీలించారు. ఆయన వాడిన ప్రయోగం చాలా సాదాది. కంప్యూటర్ తెర మీద ముగ్గురు బంతి విసురుకునే ఆట ఆడతారు. కాసేపయ్యాక మిగతా ఇద్దరూ మూడో మనిషికి బంతి వేయడం మానేస్తారు. ముఖమైనా తెలియని వాళ్లు అలా చేసినా ఆ మూడో మనిషి మనసు చివుక్కుమంటుంది. అవతల ఆడుతున్నది మనుషులు కాదు, కంప్యూటరేనని ముందే చెప్పినా ఆ నొప్పి తగ్గలేదని 2004లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. కాబట్టి గంట పరిచయానికే మనసు కుంగితే అది బలహీనత కాదు, మనిషి స్వభావం.

విలియమ్స్ లెక్కలో ఈ దెబ్బ నాలుగు చోట్ల తగులుతుంది. నలుగురిలో ఒకరమన్న భావన, తన మీద తనకున్న గౌరవం, పరిస్థితి తన చేతిలో ఉందన్న ధీమా, తన ఉనికికి విలువ ఉందన్న నమ్మకం. గోస్టింగ్‌లో మూడోదానికి దెబ్బ గట్టిగా తగులుతుంది. ఏం జరిగిందో అడుగుదామంటే జవాబిచ్చే మనిషి లేరు. అందుకే మనసు ఆ గంట సంభాషణను మళ్లీ మళ్లీ తిరగేసి, ఎక్కడో ఒక తప్పు వెతికి, దాన్ని తన మీదే వేసుకుంటుంది. ‘జీతం గురించి అడగకుండా ఉండాల్సింది’, ‘మరీ ఎక్కువ నవ్వానేమో’ వంటి ఆలోచనలు పుట్టేది ఇక్కడే.

ఈ అనుమానాలు నిజం కానవసరం లేదు. కొత్తవాళ్లతో మాట్లాడాక, తాము ఎదుటివారికి ఎంత నచ్చామన్నది మనుషులు సాధారణంగా తక్కువగా అంచనా వేసుకుంటారని ఎరికా బూత్‌బీ, ఆమె సహ పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనంలో తేలింది. అంటే మాట బాగా సాగిందనిపిస్తే, నిజంగానే బాగా సాగి ఉండొచ్చు. కానీ మాట నచ్చడం వేరు, పెళ్లి నిర్ణయం వేరు. అదే వారంలో మరో రెండు సంబంధాలు నడుస్తూ ఉండొచ్చు. ఇంట్లో పెద్దలు కట్నం దగ్గరో, గోత్రం దగ్గరో, ఉద్యోగం ఉన్న ఊరి దగ్గరో ఆగిపోయి ఉండొచ్చు. పాత ప్రేమ ఒకటి తేలకుండా ఉండొచ్చు. వీటిలో ఏదీ ఆ గంట మాటల్లో దొరకదు.

టిక్కులు చెప్పేవి, చెప్పనివి

జవాబు కోసం చూసేవాళ్లు గంటకోసారి వాట్సాప్ తెరుస్తారు. అక్కడ కనిపించే గుర్తులు ఏం చెబుతాయో తెలుసుకుంటే సగం ఊహలు తగ్గుతాయి. ఒక బూడిద టిక్కు అంటే సందేశం ఇటు నుంచి వెళ్లింది, అటు ఫోనుకు ఇంకా చేరలేదు. రెండు బూడిద టిక్కులంటే చేరింది. అవి నీలంగా మారితే తెరిచారు. అయితే చదివినట్టు తెలిపే ఏర్పాటును ఎవరైనా ఆపేసుకోవచ్చు. అప్పుడు చదివినా టిక్కులు బూడిద రంగులోనే ఉంటాయి. చివరిసారి ఎప్పుడు ఆన్‌లైన్‌లో ఉన్నారో కనబడకపోతే, అది దాచుకునే వీలు కూడా అందరికీ ఉంది.

రోజులు గడిచినా ఒకే టిక్కు ఉండి, ప్రొఫైల్ ఫొటో కూడా మాయమైతే బ్లాక్ చేసి ఉండే అవకాశం ఉంది. నంబరు మార్చినా, ఫోను ఆగిపోయి ఉన్నా కొంత ఇలాగే కనబడుతుంది. నీలి టిక్కులు చెప్పేది ఒక్కటే: సందేశం తెరిచారు. ఎందుకు జవాబివ్వలేదో ఏ టిక్కూ చెప్పదు. కాబట్టి మరో సందేశం పంపాలా వద్దా అన్నది టిక్కులను బట్టి కాకుండా, అంతకుముందు ఏ మాట మీద ఆగారన్న దాన్ని బట్టి తేల్చుకోవాలి.

ఒక ఉదాహరణ

హైదరాబాద్‌లో బ్యాంకు ఉద్యోగం చేస్తున్న ఒక అమ్మాయి, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్న ఒక అబ్బాయి ఆదివారం సాయంత్రం ఫోన్లో మాట్లాడుకున్నారనుకుందాం. పెళ్లయ్యాక ఏ ఊళ్లో ఉండాలి, అమ్మానాన్నల బాధ్యత ఎలా, ఉద్యోగం మానాలా వద్దా అన్నవన్నీ వచ్చాయి. ‘వచ్చే శనివారం హైదరాబాద్ వస్తున్నాను, కలుద్దామండీ’ అని అబ్బాయే అన్నాడు. మంగళవారం అమ్మాయి ‘శనివారం ఏ టైమ్ వీలవుతుంది మీకు?’ అని సందేశం పెట్టింది. నీలి టిక్కులు వచ్చాయి. జవాబు రాలేదు. శనివారం దాటిపోయింది.

ఇక్కడ మరొక్క సందేశానికి చోటుంది. కారణాలు మూడు. మొదటిది, కలుద్దామన్న మాట అటునుంచే వచ్చింది. అది నిలబడిందో లేదో అడిగే హక్కు ఆమెకుంది. రెండోది, జవాబు లేకుండా మిగిలింది ఒక్క సందేశమే. ఆఫీసు పనిలో తెరిచి మరిచిపోవడం, ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగోకపోవడం వంటివి ఇంకా సాధ్యమే. మూడోది, రెండు కుటుంబాలూ ఈ సంబంధం మీద కూర్చున్నాయి. తేలితేనే మరొకటి చూడగలుగుతారు.

ఎప్పుడు పంపాలి? రెండో రోజే పంపితే తొందరపెట్టినట్టవుతుంది, నెల దాటాక పంపితే పాత విషయం తవ్వినట్టుంటుంది. ఇలాంటి పరిచయానికి చివరి సందేశం నుంచి వారం, పది రోజుల వ్యవధి సరిపోతుంది. రాత్రి పన్నెండింటికి, బాధ మీద టైప్ చేసింది మాత్రం పంపకూడదు. దాన్ని ఫోన్లో నోటుగా దాచుకుని, మర్నాడు పగలు చదివి చూసుకోవాలి. అలా చూసినప్పుడు సగం వాక్యాలు కొట్టేయాలనిపిస్తుంది.

ఏం రాయాలి? మనసుకు ముందు తట్టేది నిలదీత: ‘నచ్చకపోతే చెప్పొచ్చుగా, ఇలా చేయడం సంస్కారమేనా?’ దీనికి వస్తే సంజాయిషీ వస్తుంది, లేదా బ్లాక్ అవుతుంది. కావలసిన తేలిక మాత్రం రాదు. రెండోది ఏమీ జరగనట్టు ‘హాయ్, ఎలా ఉన్నారు?’ అనడం. దానికి ‘బాగున్నానండీ’ అని జవాబొచ్చినా అసలు విషయం ఎక్కడిదక్కడే ఉంటుంది, ఎదురుచూపు మళ్లీ మొదలవుతుంది. పనికొచ్చే సందేశం ఇలా ఉంటుంది:

‘ఆ రోజు మాట్లాడటం బాగుందండీ. శనివారం కలవడం కుదరలేదు. ముందుకు వెళ్లే ఉద్దేశం ఉంటే చెప్పండి, మాట్లాడుకుందాం. లేకపోతే ఇబ్బంది ఏమీ లేదు, ఈ ఆదివారం తర్వాత మా ఇంట్లో వేరే సంబంధాలు చూస్తారు. మీకు అంతా మంచి జరగాలి.’

ఇందులో తప్పు పట్టడం లేదు, కారణం అడగడం లేదు. కాదనడానికి దారి సులువు చేసింది. ఒక గడువు పెట్టింది. ఆ గడువు బెదిరింపు కాదు, తన ఎదురుచూపుకు తానే వేసుకున్న హద్దు. అన్నిటికంటే ముఖ్యం, జవాబు రాకపోయినా ఈ సందేశం పని పూర్తవుతుంది. పంపాలా వద్దా అనే సందేహానికి అసలు పరీక్ష అదే. ‘దీనికి జవాబు రాకపోతే నేనెలా ఉంటాను?’ అని తనను తాను అడుగుకోవాలి. ‘చెప్పాల్సింది చెప్పాను’ అనిపిస్తుందంటే పంపొచ్చు. ‘ఇంకా కుంగిపోతాను’ అనిపిస్తే ఆ సందేశం వెనక ఉన్నది జవాబు మీద ఆశే. పంపకపోవడం మేలు.

పంపకూడని సందర్భాలు

అప్పటికే రెండు సందేశాలకు జవాబు లేకపోతే మూడోది అనవసరం. బ్లాక్ చేశారని గట్టిగా అనిపిస్తే, మరో నంబరు నుంచో, ఇన్‌స్టాగ్రామ్‌లోనో, స్నేహితుల ద్వారానో ప్రయత్నించకూడదు. అది మర్యాద దాటడమే కాదు, చట్టం దాకా వెళ్లగల విషయం. ఇష్టం లేదని స్త్రీ స్పష్టంగా తెలిపినా పురుషుడు పదే పదే ఆమెను సంప్రదించడాన్ని భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ వెంటాడటం అనే నేరంగా చెబుతోంది. మొదటిసారికే మూడేళ్ల వరకు జైలుశిక్ష ఉంది. మౌనమొక్కటే చట్టం దృష్టిలో స్పష్టమైన నిరాకరణ అవుతుందా అన్న తర్కం అనవసరం. అంతవరకు పోనివ్వకుండా ఆగడమే సభ్యత.

పెళ్లి సంబంధంలో మరో దారి కూడా ఉంది. అమ్మ అటు అమ్మకో, సంబంధం చెప్పిన బంధువుకో ఒక ఫోన్ చేసి, ‘పిల్లల మాట ఎంతవరకు వచ్చిందండీ?’ అని అడగొచ్చు. పెద్దలు పెద్దలకు కాదని చెప్పుకోవడం సులువు. అయితే అది కూడా ఒక్కసారే. అబ్బాయి, అమ్మాయిల మధ్య జరిగిన సంభాషణను పెద్దల నోట ఫిర్యాదుగా పంపకూడదు.

పంపిన తర్వాత

సందేశం వెళ్లాక ఆ చాట్‌ను ఆర్కైవ్‌లో పెట్టడం మంచిది. చెరిపేయనక్కర్లేదు, కళ్లముందు లేకపోతే చాలు. వాళ్ల స్టేటస్‌లు మ్యూట్ చేయాలి. ఆన్‌లైన్‌లో ఉన్నారా అని చూడటం ప్రతిసారీ గాయాన్ని కొత్తగా రేపుతుంది. విషయాన్ని ఇంట్లో ఒకరికి, బయట ఒక స్నేహితురాలికి చెప్పుకుంటే చాలు. పదిమందిని ‘ఎందుకు ఇలా చేసుంటాడు?’ అని అడిగితే పది ఊహలు వస్తాయి, ఒక్కటీ తేలదు.

ఆలస్యంగా జవాబొస్తే కారణాన్ని కాకుండా తర్వాతి అడుగును చూడాలి. ‘సారీ అండీ, ఇంట్లో సమస్య వచ్చింది, ఈ శుక్రవారం మాట్లాడదామా?’ అన్నవాళ్లు తేదీ ఇచ్చారు, నిలబెట్టుకుంటారేమో చూడొచ్చు. ‘బిజీ అండీ’ అని మళ్లీ మాయమైతే అదే జవాబుగా తీసుకోవాలి. నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం, పని మీద మనసు నిలవకపోవడం రెండు వారాలు దాటినా తగ్గకపోతే డాక్టరునో కౌన్సెలర్‌నో కలవాలి. అప్పుడు అసలు సమస్య ఈ ఒక్క సంబంధమే కాకపోవచ్చు.

మాట ఆగిన చోట మాట మిగిలి ఉంటే ఒక్కసారి, మర్యాదగా, పగటి వెలుతురులో చెప్పడం న్యాయం. దానికీ జవాబు రాకపోతే, కాదని తీసుకుని మరో సంబంధం చూసుకోవాలి. ఇక కాదనాల్సిన వైపు ఉన్నవాళ్లకు ఒక విన్నపం: ‘మాకు కుదరదండీ, మీకు మంచి సంబంధం రావాలి’ అని ఒక్క వాక్యం పంపండి. అది అవతలి ఇంట్లో వారాల ఎదురుచూపు తప్పిస్తుంది.