తంజావూరు పటంలో బంగారు పని

తంజావూరు పటాల్లో కృష్ణుని కిరీటం ఉబ్బెత్తుగా మెరవడం మీరు చూసి ఉంటారు. ఆ ఎత్తు ఎలా వస్తుందో తెలుసుకుందాం.

గుడ్డ అంటించిన చెక్క పలకపై ముందుగా బొమ్మ గీస్తారు. మెత్తని సుద్దపొడిని జిగురుతో ముద్దగా కలిపి, కుంచెతో కిరీటం గీతల వెంట పలుచగా పెడతారు. ఒక పూత పూర్తిగా ఆరాకే మరొకటి వేయాలి. ఒకేసారి మందంగా పెడితే పైపొర ముందు ఆరి గట్టిపడుతుంది. లోపలి తడి ఆరేటప్పుడు ముద్ద కుదించుకుపోయి పగుళ్లు వస్తాయి. ఆరిన భాగాన్ని వేలితో రుద్ది చూడండి. పొడి రాలితే జిగురు తక్కువైందన్నమాట.

తరువాత జిగురు పూసి, బంగారు రేకును పరచి, పల్లాల్లోకి దిగేలా మెల్లగా అద్దుతారు. అంచుల్లో మిగిలిన రేకును కోసివేస్తారు. రంగులు ఆ తరువాతే. ఎందుకంటే, ముందే రంగు వేస్తే ఈ జిగురు తడికి అది చెదిరిపోతుంది.