టీవీ హాల్లో, ఆట పడగ్గదిలో

రాత్రి తొమ్మిదింటికి హాల్లో టీవీ మీద సీరియల్ నడుస్తోంది. దాని కింద ప్లేస్టేషన్ 5 చిన్న దీపంతో వెలుగుతోంది. లోపలి గదిలో మంచం మీద కూర్చున్న కుర్రాడి ఫోన్‌లో, అదే ప్లేస్టేషన్‌లోని క్రికెట్ మ్యాచ్ పదిహేడో ఓవర్‌కి వచ్చింది. బౌలర్ పరుగెత్తుకొచ్చాడు, బంతి పడింది, కుర్రాడు సరైన క్షణంలోనే బటన్ నొక్కాడు. తెరమీద బ్యాట్ మాత్రం బంతి వెళ్లిపోయాక లేచింది. మిడిల్ స్టంప్ ఎగిరింది.

ఇలాంటి రాత్రి తర్వాత చాలా ఇళ్లలో జరిగేది ఒకటే. ఇంటర్నెట్ ప్లాన్ మార్చి, వంద ఎంబీపీఎస్ ఉన్నదాన్ని మూడొందలు చేస్తారు. స్టంప్ మాత్రం మళ్లీ ఎగురుతుంది.

ఎందుకంటే ఆ మ్యాచ్ బొమ్మ ఇల్లు దాటి వెళ్లడం లేదు. సోనీ ఈ సదుపాయానికి పెట్టిన పేరు రిమోట్ ప్లే. 2013లో ప్లేస్టేషన్ 4 వచ్చినప్పుడు దాని బొమ్మ వీటా అనే చేతి కన్సోల్‌కి వెళ్లేది. ఐఫోన్లకు 2019 మార్చిలోను, అన్ని కంపెనీల ఆండ్రాయిడ్ ఫోన్లకు అదే ఏడాది అక్టోబరులోను వచ్చింది. ఇందులో ఫోన్ ఆట ఆడించదు. ఆటంతా కన్సోల్‌లోనే నడుస్తుంది. కన్సోల్ తన తెరను వీడియోగా కుదించి వైఫై రౌటర్‌కి ఇస్తుంది, రౌటర్ ఫోన్‌కి ఇస్తుంది. ఫోన్ నుంచి బటన్ల కబురు అదే దారిలో వెనక్కి వెళ్తుంది. కన్సోల్, ఫోన్ ఒకే రౌటర్ కింద ఉన్నంతవరకు బయటి ఇంటర్నెట్‌తో పని ముఖ్యంగా ఖాతాలో లాగిన్ కావడానికే. బాగా ఆడాలంటే 15 ఎంబీపీఎస్ ఉండాలని సోనీ చెబుతుంది. ఇంట్లో రౌటర్‌కి ఇది లెక్కలోకి రాని బరువు. అసలు తంటా వేగంతో కాదు, ఆలస్యంతో.

ముందు అమర్చుకోవడం సంగతి, అదేమంత కష్టం కాదు. కన్సోల్ సెట్టింగ్స్‌లో System, అందులో Remote Play తెరిచి Enable Remote Play ఆన్ చేయాలి. కన్సోల్ నిద్రలో ఉన్నా ఫోన్ నుంచే లేపాలనుకుంటే, రెస్ట్ మోడ్ సెట్టింగ్స్‌లో Stay Connected to the Internet, Enable Turning On PS5 from Network రెండూ ఆన్ చేయాలి. ఫోన్‌లో PS Remote Play యాప్ వేసుకుని అదే ఖాతాతో లాగిన్ అయితే కన్సోల్ దొరుకుతుంది. ఒక్క జాగ్రత్త: ఫోన్ గెస్ట్ వైఫైలో ఉండకూడదు. ఆ నెట్‌వర్క్ సాధారణంగా ఇంట్లోని మిగతా పరికరాలను కనబడనివ్వదు.

తికమకంతా కంట్రోలర్ దగ్గరే. డ్యూయల్‌సెన్స్‌ను ఫోన్‌కి జత చేయాలంటే ముందు దాన్ని పూర్తిగా ఆపాలి. తర్వాత టచ్‌ప్యాడ్ ఎడమ పక్కనున్న క్రియేట్ బటన్‌ను, మధ్యలోని పీఎస్ బటన్‌ను కలిపి పట్టుకుంటే, టచ్‌ప్యాడ్ అంచున నీలి దీపం టకటకా కొట్టుకుంటుంది. అప్పుడు ఫోన్ బ్లూటూత్ జాబితాలో DualSense Wireless Controller అని కనిపిస్తుంది. ఇందుకు ఆండ్రాయిడ్ 12 గానీ ఐఓఎస్ 14.5 గానీ, అంతకంటే కొత్తది గానీ ఉండాలి. అంతకన్నా పాత ఫోన్‌లో జత అయినట్టే కనిపించి బటన్లు తారుమారైతే, అది కంట్రోలర్ తప్పు కాదు.

మర్నాడు టీవీ ముందు కూర్చుంటే కంట్రోలర్ పలకదు. చాలామంది అది పాడైందనుకుంటారు గానీ, అది ఫోన్‌ను గుర్తు పెట్టుకుని కన్సోల్‌ను మరిచిపోయిందంతే. యూఎస్‌బీ కేబుల్‌తో కన్సోల్‌కి తగిలించి పీఎస్ బటన్ నొక్కితే మళ్లీ దారికొస్తుంది. ఒకే కంట్రోలర్‌కి నాలుగు పరికరాల దాకా గుర్తుండేలా 2025లో సోనీ ఒక అప్‌డేట్ ఇచ్చింది కాబట్టి, కంట్రోలర్ సాఫ్ట్‌వేర్ తాజాగా ఉంచుకున్నవాళ్లకు ఈ బాధ తప్పుతుంది.

ఇక ఎగిరిన స్టంప్ సంగతి. సెకనుకు అరవై ఫ్రేములతో నడిచే ఆటలో ఒక్కో ఫ్రేము సుమారు 17 మిల్లీసెకన్లు తెరమీద ఉంటుంది. దారిలో వంద మిల్లీసెకన్లు పోయాయంటే ఆటగాడు ఆరు ఫ్రేముల కిందటి బంతిని చూసి బ్యాట్ ఊపుతున్నాడన్నమాట. వీడియోను కుదించడానికి, ఫోన్‌లో విప్పడానికి పట్టే కాలాన్ని మనం పెద్దగా తగ్గించలేం. తగ్గించగలిగింది గాలిలో పోయే కాలమే.

మొదట్లో చెప్పుకున్న ఇంట్లో ఆ గాలి ఎలా ఉందో చూడండి. ఫైబర్ తీగ గుమ్మం దగ్గర లోపలికొచ్చింది గనుక రౌటర్ అక్కడే బిగించారు. కన్సోల్ హాలు అవతలి చివర వైఫై మీద ఉంది. ఫోన్ రెండు గోడల వెనక ఉంది. వైఫైలో ఒక చానల్ మీద ఒకసారికి ఒక్కరే మాట్లాడగలరు, మిగతావాళ్లు ఆగాలి. కన్సోల్ కూడా వైఫై మీదే ఉంటే ప్రతి ఫ్రేమూ రౌటర్‌కి ఒకసారి, అక్కడినుంచి ఫోన్‌కి మరోసారి, మొత్తం రెండుసార్లు గాలిలో ప్రయాణిస్తుంది. పక్క ఫ్లాట్ల రౌటర్లు కూడా అదే గాలిలో మాట్లాడుతుంటాయి.

పైగా రెండు గోడల అవతల 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ పలచబడితే ఫోన్ తనంతట తానే 2.4కి మారిపోతుంది. బ్లూటూత్ పనిచేసేదీ 2.4లోనే. అంటే ఫోన్ వీడియో అందుకుంటున్న చోటే కంట్రోలర్ కబుర్లూ ఇరుక్కుంటాయి. బటన్ వదిలేసినా ఫీల్డర్ అలా పరుగెత్తుతూనే ఉండటం దీని గుర్తు. వంటింట్లో మైక్రోవేవ్ ఆన్ చేస్తే సరే సరి, అది కూడా అక్కడే రొద చేస్తుంది.

తప్పు ఎక్కడుందో తేల్చడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. కంట్రోలర్ పక్కన పెట్టి, యాప్‌లో తెరమీద కనిపించే బటన్లనే వేలితో నొక్కి చూడాలి. అప్పుడు చురుగ్గా ఉంటే లోపం బ్లూటూత్‌ది. అప్పుడూ ఆలస్యమైతే లోపం వైఫైది. బొమ్మ గళ్లు గళ్లుగా చెదిరిపోతుంటే సిగ్నల్ చాలడం లేదని అర్థం. శబ్దం మాత్రమే వెనకబడితే అది వైర్‌లెస్ ఇయర్‌ఫోన్ల పని.

వైఫై మీద అనుమానమైతే లాప్‌టాప్‌ను అదే మంచం మీద పెట్టి, విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో రౌటర్ చిరునామాతో ఇది నడపాలి. చాలా రౌటర్లకు ఆ చిరునామా ఇదే:

```
ping -t 192.168.1.1
```

ప్రతి వరుసలోనూ time అన్నచోట రెండు, మూడు, అయిదు మిల్లీసెకన్లు వస్తుంటే బాగున్నట్టే. మధ్యమధ్య ఒక్కసారిగా 90కో 150కో ఎగిరితే స్టంప్ ఎగిరిన కారణం దొరికినట్టే. ఇక్కడ సగటు చూసి మోసపోకూడదు. ఎప్పుడూ నలభై ఉంటే చెయ్యి అలవాటు పడుతుంది, అయిదు నుంచి నూట యాభైకి గెంతుతుంటే ఎవరి చెయ్యీ అలవాటు పడదు.

మందు కూడా ఆ వరుసలోనే. మొదట కన్సోల్‌ను రౌటర్‌కి లాన్ కేబుల్‌తో కలపాలి. గోడ వెంబడి పది మీటర్ల క్యాట్ 5ఈ తీగ లాగితే చాలు, గాలి ప్రయాణం సగానికి సగం తగ్గుతుంది. రెండోది, రౌటర్ సెట్టింగ్స్‌లో 2.4కి, 5కి వేర్వేరు పేర్లు పెట్టి ఫోన్‌ను 5 మీదే ఉంచాలి. అప్పుడు కంట్రోలర్‌కి బ్లూటూత్ దారి ఖాళీ అవుతుంది. 5 ఆ గదికి అందకపోతే రౌటర్‌ను ఇంటి నడుమకు జరపడమే దారి. అప్పటికీ బ్లూటూత్ మొండికేస్తే, ఫోన్ చార్జింగ్ సాకెట్‌లోనే దూరే బ్యాక్‌బోన్ లాంటి కంట్రోలర్లు ఉన్నాయి. వాటికి బ్లూటూత్ అక్కర్లేదు. ఇంత చేశాక కూడా తడబడితే యాప్‌లో 1080పీ నుంచి 720పీకి దిగండి. ఆరంగుళాల తెరమీద తేడా పెద్దగా కనిపించదు.

ఇన్ని సరిచేసినా ఫోన్ మీద ఆలస్యం సున్నా కాదు. కథ నడిచే ఆటలు, వంతులవారీ ఆటలు హాయిగా సాగుతాయి. ఆఫ్‌లైన్ క్రికెట్‌కి కాస్త ముందుగా బటన్ నొక్కడం అలవాటవుతుంది. ఆన్‌లైన్‌లో మరొకరితో పోటీ పడే మ్యాచ్‌కి మాత్రం సీరియల్ అయ్యేదాకా ఆగి టీవీ ముందే కూర్చోవడం మేలు.