తగ్గించుకున్నవారు, మానేసినవారు

2021 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్ మన దేశంలో ధరలు తగ్గించింది. ప్రీమియం ప్లాను నెలకు 649 రూపాయలు, మొబైల్ ప్లాను 149 రూపాయలు అయ్యాయి. పిల్లల పరీక్షలు దగ్గరపడ్డాయని ఒక ఇంటివారు ప్రీమియం నుంచి మొబైల్ ప్లానుకు దిగారనుకోండి. కంపెనీకి నెలకు 500 రూపాయలు తగ్గాయి. పక్కింటివారు మొత్తానికే మానేశారు, 649 పోయాయి. డబ్బు చూస్తే రెండూ దగ్గర దగ్గరే. కానీ మొదటి ఇంట్లో కార్డు ఇంకా నడుస్తోంది, పరీక్షలయ్యాక వాళ్లు మళ్లీ పైకి ఎక్కవచ్చు. రెండో ఇంటివారిని మాత్రం కొత్తగా వెతికి తెచ్చుకోవాలి.

నెలనెలా చందా మీద బతికే కంపెనీలు చాలా వరకు ఈ రెండింటినీ వేరువేరు వరుసల్లో రాస్తాయి. ఆ పట్టీని రెవెన్యూ బ్రిడ్జ్ అంటారు. నెల మొదట్లో ఉన్న చందా ఆదాయం నెలాఖరుకు ఎలా మారిందో అది చెబుతుంది. మొదట్లో 10 లక్షలు ఉందనుకుందాం. కొత్త ఖాతాదారుల నుంచి 80 వేలు, పాతవారు పెద్ద ప్లానుకు మారడంతో 50 వేలు కలిశాయి. డౌన్‌గ్రేడ్ల వల్ల 40 వేలు, రద్దుల వల్ల 60 వేలు పోయాయి. డౌన్‌గ్రేడ్ వరుసను కాంట్రాక్షన్ అని, రద్దు వరుసను చర్న్ అని పిలుస్తారు. నెలాఖరుకు మిగిలింది 10 లక్షల 30 వేలు.

ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది. పాత ఆదాయంలో పోయింది లక్ష, నిలిచింది 90 శాతం. ఆ లక్షలో కాంట్రాక్షన్ ఎంత, చర్న్ ఎంత అన్నది తారుమారుగా రాసినా 90 శాతం 90 శాతంగానే ఉంటుంది. మొత్తం సరిపోతుంది కాబట్టి ఆ తప్పు ఆడిటర్‌కీ కనిపించదు, యజమానికీ కనిపించదు.

ఇలాంటి లెక్కల్లో నేను ఎక్కువగా చూసే ఉదంతం ఒకటి చెబుతాను. అంకెలు నేను వేసుకున్నవి. ఒక ఆసుపత్రి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కు 20 లాగిన్లు తీసుకుంది. ఒక్కోదానికి వెయ్యి చొప్పున నెలకు 20 వేలు కడుతోంది. మార్చిలో లాగిన్లు 5కు తగ్గించింది. ఆ నెల బ్రిడ్జ్‌లో కాంట్రాక్షన్ 15 వేలు. జూన్‌లో మిగిలిన ఐదూ రద్దు చేసింది, చర్న్ 5 వేలు. జూన్ పట్టీ చూసిన మేనేజరు చిన్న ఖాతా ఒకటి పోయిందనుకుంటాడు. పోయింది నెలకు 20 వేలు కట్టే ఆసుపత్రి అని ఆ పట్టీ అతనికి చెప్పదు.

అదే ఆసుపత్రిని ఏడాది బ్రిడ్జ్‌లో చూడండి. జనవరిలో 20 వేలు, డిసెంబరులో సున్నా. కాబట్టి చర్న్ 20 వేలు, కాంట్రాక్షన్ ఏమీ లేదు. పన్నెండు నెలల పట్టీలు కూడితే ఒక జవాబు, ఏడాది పట్టీ వేస్తే ఇంకో జవాబు. రెండూ సరైనవే. ఏ గడువుకు లెక్క కట్టారో పట్టీ నెత్తిన రాసి ఉండాలి, లేదంటే చదివేవాడు మోసపోతాడు. రద్దులు తక్కువని చెప్పుకోవాలనుకునే కంపెనీకి నెలవారీ పట్టీ అనుకూలం. అందుకే ఎవరైనా చర్న్ అంకె ఒక్కటే చూపిస్తే, పక్కన కాంట్రాక్షన్ ఎంతో నేను అడుగుతాను.

ఉచిత ప్లానుకు దిగినవారి సంగతీ తేల్చుకోవాలి. వాళ్ల ఖాతా ఉంటుంది, లాగిన్ అవుతుంటారు, పైసా రాదు. కొందరు దాన్ని డౌన్‌గ్రేడ్ అంటారు. నా లెక్కలో ఆదాయం సున్నా అయితే అది రద్దే. రెండు ఉత్పత్తులు వాడే ఖాతాదారు ఒకటి మానేస్తే మాత్రం ఖాతాదారు లెక్కలో అది కాంట్రాక్షన్, ఆ ఉత్పత్తి లెక్కలో చర్న్. ఇక కంపెనీయే ధర తగ్గిస్తే, నెట్‌ఫ్లిక్స్ చేసినట్టు, పాతవారు అదే ప్లానులో ఉన్నా ఆదాయం తగ్గుతుంది. దాన్ని డౌన్‌గ్రేడ్లలో కలిపితే ఖాతాదారులు వెనక్కి తగ్గుతున్నారన్న అబద్ధపు కథ తయారవుతుంది. దానికి వేరే వరుస కావాలి.

డౌన్‌గ్రేడ్ ఆగే చోటా, రద్దుకు దారితీసే చోటా అని తెలుసుకోవడానికి పెద్ద యంత్రాంగం అక్కర్లేదు. మార్చిలో ప్లాను తగ్గించుకున్నవారి పేర్లు ఒక షీటులో పెట్టి, సెప్టెంబరులో వారిలో ఎందరు మిగిలారో చూడాలి. అసలు తగ్గించుకోనివారిలో అదే ఆరు నెలల్లో ఎందరు మిగిలారో పక్కన రాయాలి. మొదటి గుంపు చాలా ఎక్కువగా జారిపోతుంటే, ఆ కంపెనీలో కాంట్రాక్షన్ వరుస రేపటి చర్న్‌కు ముందస్తు జాబితా. మన ఆసుపత్రి కథలోనే చూస్తే, మార్చికి ముందు నెలల్లో 20 లాగిన్లలో ఎన్ని తెరిచారో సాఫ్ట్‌వేర్‌లోనే నమోదై ఉంటుంది. ఆ పదిహేనూ జనవరి నుంచే తెరవకుండా పడి ఉన్నాయంటే, ఆసుపత్రివారికి ఫోను చేయాల్సింది జూన్‌లో కాదు, ఫిబ్రవరిలో.