కంప్యూటర్ మీదే, సంతకం ఎవరిది?

2024 జులైలో బైనర్లీ అనే భద్రతా పరిశోధన సంస్థ బయటపెట్టిన సంగతి కంప్యూటర్ తయారీదారులను ఇరుకున పెట్టింది. పేరున్న కంపెనీలు అమ్మిన వందల మోడళ్లలో సెక్యూర్ బూట్ మొత్తానికీ మూలమైన ప్లాట్‌ఫామ్ కీ నిజానికి పరీక్షల కోసం చేసిన నమూనా. దాని సర్టిఫికెట్ మీద పేరు కూడా దాపరికం లేకుండా ఇలా ఉంది:

```
CN=DO NOT TRUST - AMI Test PK
```

‘నమ్మవద్దు’ అని రాసి ఉన్న కీని తీసేసి తమది పెట్టుకోవడం తయారీదారులు మరిచిపోయారు. అలాంటి ఒక కీ తాలూకు రహస్య భాగం 2022లోనే గిట్‌హబ్‌లో అందరికీ కనిపించేచోట పడింది. దానికి కాపలాగా ఉన్న పాస్‌వర్డ్ నాలుగు అక్షరాలు.

ఇంతకీ ఈ కీ చేసే పనేమిటి? కంప్యూటర్ ఆన్ చేయగానే విండోస్‌గానీ లినక్స్‌గానీ వెంటనే రావు. ముందు మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్ మేలుకుని, బూట్‌లోడర్‌ను చదివి దాని మీద డిజిటల్ సంతకం ఉందా అని చూస్తుంది. నమ్మదగిన సంతకాల జాబితాను డీబీ అంటారు, నిషేధించినవాటి జాబితా డీబీఎక్స్. ఈ రెండింటినీ మార్చాలంటే కేఈకే అనే కీతో అనుమతి కావాలి. కేఈకేని మార్చే అధికారం మాత్రం ప్లాట్‌ఫామ్ కీ, అంటే పీకే ఉన్నవారిది. మామూలుగా ఆ పీకే మదర్‌బోర్డు కంపెనీది. కేఈకే, డీబీల్లో ప్రధానంగా ఉండేవి మైక్రోసాఫ్ట్ సర్టిఫికెట్లు. డబ్బు పెట్టి కొన్నవారి పేరు ఎక్కడా ఉండదు.

ఆ స్థానాన్ని యజమాని తీసుకోవచ్చు. తెరచాటు మార్గమేమీ అక్కర్లేదు, యూఈఎఫ్ఐ ప్రమాణంలోనే ఆ వీలుంది. పీకేని తుడిచేస్తే ఫర్మ్‌వేర్ ‘సెటప్ మోడ్’లోకి వెళ్తుంది, అప్పుడు ఎవరు కొత్త పీకే రాస్తే వారిదే ఆ యంత్రం.

ఉదాహరణకు ఒక ఇంటి డెస్క్‌టాప్ తీసుకుందాం. ఒక డిస్కులో ఆర్చ్ లినక్స్, ఇంకో డిస్కులో విండోస్, విడిగా కొన్న గ్రాఫిక్స్ కార్డు. మొదట చేయాల్సిన పని విండోస్‌లోనే ఉంది. బిట్‌లాకర్ వాడుతుంటే దాని రికవరీ కీని కాగితం మీద రాసుకోవాలి. సెక్యూర్ బూట్ కీలు మారగానే టీపీఎం చిప్‌లోని కొలత మారుతుంది, తర్వాతిసారి విండోస్ ఆ 48 అంకెలూ అడుగుతుంది. అవి దగ్గర లేకపోతే డిస్కులోని డేటా మీద ఆశ వదులుకోవాల్సి రావచ్చు. ఆ తర్వాత పాత కీలను పెన్‌డ్రైవ్‌లో దాచుకుని, బయోస్‌లో సెక్యూర్ బూట్ పేజీకి వెళ్లి కీలు తుడవాలి. ఆ మీట పేరు కంపెనీని బట్టి మారుతుంది: కొన్నిచోట్ల సెటప్ మోడ్‌కు మార్చమని ఉంటుంది, మరికొన్నిచోట్ల కీలన్నీ తుడవమని.

మళ్లీ లినక్స్‌లోకి వచ్చాక ఎస్‌బీసీటీఎల్ అనే చిన్న పనిముట్టుతో మిగతాది సాగుతుంది.

```
sbctl status
sbctl create-keys
sbctl enroll-keys -m
```

మొదటి ఆదేశం సెటప్ మోడ్ వచ్చిందో లేదో చెబుతుంది. రెండోది పీకే, కేఈకే, డీబీలకు మూడు కొత్త కీల జతలు తయారుచేస్తుంది. మూడోది వాటిని ఫర్మ్‌వేర్‌లో నమోదు చేస్తుంది. పీకేని ఆఖరున రాయాలి, ఎందుకంటే అది చేరిన క్షణంలోనే సెటప్ మోడ్ మూసుకుపోతుంది. ఈ వరసను ఆ పనిముట్టే చూసుకుంటుంది.

మూడో ఆదేశం చివరున్న ఆ చిన్న ‘-m’ దగ్గరే చాలామంది దెబ్బతింటారు. సొంత యంత్రంలో మైక్రోసాఫ్ట్ ఎందుకనుకుని దాన్ని తీసేస్తే రీబూట్ అయ్యాక తెర నల్లగా ఉండిపోవచ్చు. గ్రాఫిక్స్ కార్డులో ఆప్షన్ రామ్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్ రాకముందు తెర మీద బొమ్మ వేసేది అదే, దాని మీద ఉండేది మైక్రోసాఫ్ట్ సంతకం. ఆ సర్టిఫికెట్ డీబీలో లేకపోతే ఫర్మ్‌వేర్ కార్డును నడవనివ్వదు. తెర లేనిదే బయోస్‌లోకి వెళ్లి తప్పు దిద్దుకోవడమూ కుదరదు. ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉన్నవారు కేబుల్ మదర్‌బోర్డుకు మార్చి బయటపడతారు. కొన్ని ల్యాప్‌టాప్‌లైతే ఇలాగే పూర్తిగా పనికిరాకుండా పోయాయి. అందుకే ఎస్‌బీసీటీఎల్ టీపీఎం చిట్టా చూసి, ఆప్షన్ రామ్ కనిపిస్తే నమోదు చేయకుండా ఆగిపోతుంది. కాదు, చేయాల్సిందేనంటే ‘యంత్రం పాడవచ్చు’ అని ఒప్పుకునే పొడవాటి ఫ్లాగ్ టైపు చేయిస్తుంది. ఆ పొడవు కావాలని పెట్టిందే.

అయితే ‘-m’ ఉంచితే సగం యాజమాన్యమే దక్కుతుంది. పీకే సొంతదైనా మైక్రోసాఫ్ట్ సంతకం చేసిన బూట్‌లోడర్ ఏదైనా నడుస్తుంది. ఎవరైనా ఉబుంటు పెన్‌డ్రైవ్ గుచ్చితే అదీ బూట్ అవుతుంది. విండోస్ అక్కర్లేనివారికి మధ్యేమార్గం ఒకటుంది. ‘-m’ బదులు ‘-t’ పెడితే టీపీఎం చిట్టాలో ఉన్న ఆప్షన్ రామ్‌ల హ్యాష్‌లు మాత్రమే డీబీలో చేరతాయి. కట్టుదిట్టమే, కానీ కార్డు మార్చే ముందు ఈ సంగతి గుర్తుండాలి. విండోస్ కూడా ఉన్న మన ఉదాహరణలో ‘-m’ తప్పదు.

ఇక సంతకాలు. కెర్నల్‌కూ బూట్‌లోడర్‌కూ విడివిడిగా చేయాలి:

```
sbctl sign -s /boot/vmlinuz-linux
sbctl verify
```

‘-s’ పెడితే ఫైలు పేరు జాబితాలో నిలిచి, ఆర్చ్‌లో కొత్త కెర్నల్ వచ్చినప్పుడల్లా సంతకం దానంతటదే పడుతుంది. రెండో ఆదేశం సంతకం లేని ఫైళ్లను చూపిస్తుంది; బూట్‌కు అవసరమైనవేవీ అందులో మిగలకూడదు. ఆపైన బయోస్‌లో సెక్యూర్ బూట్ ఆన్ చేసి, సంతకం లేని ఈఎఫ్ఐ ఫైలు ఒకదాన్ని కావాలనే నడిపి చూడాలి. ఫర్మ్‌వేర్ భద్రతా ఉల్లంఘన అని అడ్డుపడితేనే పని జరిగినట్టు. బయోస్ పేజీలో ‘ఎనేబుల్డ్’ అన్న మాట ఒక్కటే చూసి సరిపెట్టుకోకూడదు.

ఇక్కడితో గొలుసు పూర్తయిందనుకోవడం పొరపాటు. సంతకం పడింది కెర్నల్ ఫైలు మీదే. డిస్కు పాస్‌వర్డ్ అడిగే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ పక్కనే విడి ఫైలుగా ఉంటుంది, దాని సంతకం ఎవరూ చూడరు. ఇంట్లో యంత్రం దగ్గర కాసేపు ఒంటరిగా దొరికినవారు దాన్ని మార్చి, పాస్‌వర్డ్‌ను పట్టేసేలా చేయగలరు. కెర్నల్, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్, బూట్ ఆదేశవరస మూడింటినీ కలిపి యూకేఐ అనే ఒకే ఫైలుగా చేసి సంతకం పెడితే ఆ సందు మూసుకుంటుంది. దాంతోపాటు బయోస్‌కు పాస్‌వర్డ్ పెట్టాలి. లేకపోతే వచ్చినవారు సెక్యూర్ బూట్‌నే ఆపేసి పోతారు.

రహస్య కీలు ఉండేది కూడా అదే యంత్రంలోని ‘/var/lib/sbctl’ ఫోల్డర్‌లో. కాబట్టి ఆ డిస్కు ఎన్‌క్రిప్ట్ అయి ఉండాలి. నడుస్తున్న సిస్టమ్‌లో రూట్ అధికారం సంపాదించినవారు మాత్రం ఆ కీలతోనే తమ కెర్నల్‌కు సంతకం పెట్టుకోగలరు. కీలు బయటపడ్డాయన్న అనుమానం వస్తే మళ్లీ సెటప్ మోడ్ అక్కర్లేదు: పాత పీకేతో సంతకం చేసి కొత్త పీకేని నమోదు చేయవచ్చు, `sbctl rotate-keys` చేసేది అదే. బయోస్ అప్‌డేట్ సంగతి వేరు. కొన్ని బోర్డులు అప్‌డేట్ తర్వాత ఫ్యాక్టరీ కీలను తిరిగి తెచ్చుకుంటాయి. అప్పుడు సొంత సంతకం ఉన్న కెర్నల్‌నే ఫర్మ్‌వేర్ ఆపేస్తుంది. సెక్యూర్ బూట్ తాత్కాలికంగా ఆపి, సెటప్ మోడ్ నుంచి నమోదు మళ్లీ చేసుకోవాలి.