ట్రంకుపెట్టెలో దొరికిన ముక్కుపుడక

పాత ముక్కుపుడక వయసు తెలియాలంటే ముందుగా దాన్ని తిరగేసి చూడాలి. ఒకమ్మాయికి అమ్మమ్మ ట్రంకుపెట్టె అడుగున, పట్టుచీర మడతలో, చిన్న గుడ్డమూటలో ఎర్రరాయి ముక్కుపుడక దొరికిందనుకుందాం. అది శనగగింజలో సగం కూడా లేదు. రెండు వందల ఏళ్ల నాటిదని ఇంట్లో అందరూ నమ్ముతున్నారు.

రాయి వెనుక భాగాన్ని బంగారు రేకు పూర్తిగా కప్పేసింది. దీపం ముందు పెట్టినా వెలుతురు ఇవతలికి రాదు. ఇలాంటి మూసిన కట్టడంలో రాయి కింద పల్చని తళుకు రేకు పరిచేవారు. రాయిలోకి వెళ్లిన వెలుతురును వెనక్కి పంపి మెరుపు తెచ్చేది ఆ రేకే. ఈ పద్ధతిలో నగలు చేసేవారు ఇప్పటికీ ఉన్నారు కాబట్టి ఈ ఒక్క గుర్తుతో వయసు తేల్చకూడదు. వెనుక బిగించే మరను కూడా చూడాలి. చేత్తో తీసిన మరలో చుట్లు ఎగుడుదిగుడుగా ఉంటాయి. యంత్రం మీద తీసినదైతే అన్నీ ఒకే తీరుగా కనిపిస్తాయి.

అసలు సాక్ష్యం రాయిలో దొరకవచ్చు. ఫ్రాన్స్ శాస్త్రవేత్త ఆగస్ట్ వెర్నాయ్ 1902లో కృత్రిమ కెంపును తయారుచేసే విధానాన్ని ప్రకటించాడు. అల్యూమినియం ఆక్సైడ్ పొడిని మంటలోంచి రాల్చి, కరిగిన బొట్లు ఒకదానిపై ఒకటి పేరుకునేలా చేయడం ఆ పద్ధతి. అలా పెరిగిన రాయిలో వంపు తిరిగిన సన్నని గీతలు మిగిలిపోతాయి. సహజమైన కెంపులో పెరుగుదల గీతలు తిన్నగా, కోణాలుగా ఉంటాయి. రత్నపరీక్షకుడు ఈ ముక్కుపుడకను భూతద్దం కింద పెట్టి చూస్తే వంపు గీతలు కనిపించాయనుకుందాం. అప్పుడు ఆ రాయికి రెండు వందల ఏళ్లు ఉండే అవకాశమే లేదు. అలాగని నగంతా కొత్తదని కూడా అనలేం. రాయి ఊడిపోతే కంసాలి పాత కట్టడంలోనే మరో రాయిని బిగించి ఉండవచ్చు. రాయి అంచున బంగారాన్ని మళ్లీ నొక్కిన జాడలుంటే ఆ అనుమానం బలపడుతుంది.

హాల్‌మార్క్ లేకపోవడాన్ని బట్టి బంగారాన్ని శంకించనక్కర్లేదు. మన దేశంలో బంగారానికి ఆ ముద్ర వేయడం 2000లో మొదలైంది. రెండు గ్రాముల లోపు నగలకు అది తప్పనిసరి కాదు కూడా. గీటురాయి మీద గీసి చూస్తే మాటు ఉందో లేదో అంచనా దొరుకుతుంది. అయితే ఇంత చిన్న నగ మీద గీత పడితే అరుగుదల కంటికి కనిపిస్తుంది. కనుక వెనుక అంచున ఒక్కసారి, అదీ అనుభవమున్న కంసాలి చేతనే గీయించాలి.

శుభ్రం చేయడంలోనే ఎక్కువ నష్టం జరుగుతుంది. మూసిన కట్టడాన్ని కుంకుడు రసంలోనో వేడినీళ్లలోనో నానబెడితే తడి లోపలికి దిగి తళుకు రేకు నల్లబడుతుంది. ఆ తర్వాత రాయిని ఎంత తుడిచినా పాత మెరుపు రాదు. కొద్దిగా తడిపిన మెత్తని గుడ్డతో పైపైన తుడిచి, వెంటనే ఆరనివ్వాలి. మర అరిగి వదులైతే కొత్తది చేయించుకోవాలి. పాత మరను మాత్రం నగతోపాటు అదే మూటలో దాచాలి, తర్వాత ఎవరు పరీక్షించినా ముందుగా అడిగేది దాన్నే.