డోర్ ప్యాడ్ వెనక నైలాన్ మొగ్గ

పోయిన వేసవిలో మా బావమరిది కారుకి ఎడమవైపు అద్దం సగంలో ఆగిపోయింది. పన్నెండేళ్ల కారు. లోపల మోటారు చూడాలంటే ముందు డోర్ ప్యాడ్ ఊడదీయాలి. కనిపించిన స్క్రూలు విప్పి, ప్యాడ్ అంచు కింద వేళ్లు దూర్చి ఒక్క గుంజు గుంజాడు. టక్‌టక్‌మని చప్పుడు. మూడు క్లిప్పుల తలలు ప్యాడ్‌తో వచ్చేశాయి, మిగతా ముక్కలు తలుపు రేకులోనే ఉండిపోయాయి. నాలుగోచోట క్లిప్పు బాగానే ఉంది కానీ దాన్ని పట్టుకున్న ప్యాడ్ గూడు చీలిపోయింది. ఎక్కువ నష్టం అదే. క్లిప్పు ఏ స్పేర్ పార్టుల కొట్లోనైనా దొరుకుతుంది. గూడు ప్యాడ్‌లో భాగం, విడిగా అమ్మరు.

విరగని ఆ నాలుగో క్లిప్పుని చేతిలో పెట్టుకుని చూశాను. అచ్చం పూమొగ్గలా ఉంది. కొన సన్నం, నడుము ఉబ్బు, పైన సన్నటి మెడ, దాని మీద గుండీలాంటి తల. నడుము పొడవునా నిలువు చీలికలు. రేకు రంధ్రంలోకి నెట్టినప్పుడు చీలికలు మూసుకుని నడుము సన్నబడుతుంది, అవతలికి వెళ్లగానే మళ్లీ విచ్చుకుంటుంది. కొన నుంచి నడుము దాకా వాలు తక్కువ, అందుకే అరచేత్తో తడితే లోపలికి పోతుంది. నడుము నుంచి మెడకి వాలు ఎక్కువ, అందుకే బయటికి రావడానికి ఇంకా బలం కావాలి. ఆ రెండో వాలు నిటారుగా ఉంటే క్లిప్పు ఎప్పటికీ రాదు. ఏటవాలుగా ఉందంటే తీయడానికి వీలుగానే చేశారన్నమాట. అయితే తిన్నగా లాగితేనే.

మా బావమరిది లాగింది తిన్నగా కాదు. క్లిప్పుకి జానెడు దూరంలో అంచు పట్టుకున్నాడు. ప్యాడ్ వంగింది, దానితో పాటు క్లిప్పు తల ఒరిగింది. నడుము చుట్టూ సమంగా పడాల్సిన బరువంతా ఒక పక్కకి, మెడ మీదికి చేరింది. సన్నటి మెడ అక్కడే తెగింది.

ఒకప్పుడు ప్యాడ్‌ని పట్టి ఉంచే పని ఇనుప స్ప్రింగు క్లిప్పులది. పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ తలుపులో అట్టలాంటి ప్యాడ్‌ని అవే పట్టుకునేవి. తుప్పు పట్టి, చివరికి అట్టనే చింపేవి. 1935లో డ్యూపాంట్ కంపెనీలో వాలెస్ కరోథర్స్ బృందం నైలాన్ తయారుచేసింది. ముందు అది టూత్‌బ్రష్షులకీ మేజోళ్లకీ వెళ్లింది, తర్వాత యంత్రభాగాలకి. తుప్పు పట్టదు, వంచితే మళ్లీ నిలబడుతుంది, ఒక్క అచ్చులో తల, మెడ, నడుము అన్నీ వస్తాయి.

నైలాన్‌కి ఒక గుణం ఉంది. అది గాలిలోని తేమ పీల్చుకుంటుంది, ఆ తేమే దానికి మెత్తదనం ఇస్తుంది. అచ్చు నుంచి అప్పుడే వచ్చిన పొడి క్లిప్పు పెళుసుగా ఉంటుంది కాబట్టి నీటి తేమ పట్టించి వాడతారు. ఎండలో నిలిపిన కారు తలుపులో ఏళ్ల తరబడి కాగితే ఆ పదార్థమే పాడవుతుంది. చలిలో ఇంకా బిగుసుకుపోతుంది. అందుకే పాత కారు ప్యాడ్‌ని చలికాలం పొద్దున్నే ముట్టుకోకండి. జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరుతో అంచు వెంట గోరువెచ్చగా చేస్తే క్లిప్పు కాస్త వంగుతుంది.

మరుసటి వారం కుడి తలుపు ప్యాడ్ నేనే తీశాను. ముందు దాగిన స్క్రూలు వెతికాను. ఒకటి లోపలి హ్యాండిల్ వెనక చిన్న మూత కింద, ఇంకొకటి చెయ్యి పెట్టుకునే గుంటలో. ఒక్క స్క్రూ మిగిలినా ఆ పక్క క్లిప్పులు ఒరిగి విరుగుతాయి. తర్వాత కింది మూల దగ్గర ప్లాస్టిక్ పట్టీ దూర్చి కొద్దిగా ఎత్తి, టార్చితో సందులోకి చూశాను. తెల్లటి మెడ కనిపించింది. పట్టీ కొసన ఉన్న చీలికని సరిగ్గా ఆ మెడకి రెండు పక్కలా పెట్టి ఎత్తితే, ‘టప్’మని మొత్తం మొగ్గ వచ్చేసింది. అక్కణ్నుంచి వరుసగా ఒక్కో క్లిప్పు. స్క్రూడ్రైవర్ వాడితే రేకు రంగు చెక్కుకుపోతుంది, అక్కడ తుప్పు మొదలవుతుంది.

క్లిప్పులన్నీ వదిలాక ప్యాడ్‌ని ముందుకి కాదు, పైకి ఎత్తాలి. పై అంచు అద్దం పక్కన రేకుకి తగులుకుని ఉంటుంది. అప్పుడైనా గుంజకూడదు, వెనక హ్యాండిల్ తీగ, స్విచ్చుల కప్లర్ ఉంటాయి. కొన్ని కార్ల తలుపులో ఎయిర్‌బ్యాగ్ సెన్సర్ కూడా ఉంటుంది కాబట్టి పని మొదలెట్టే ముందే బ్యాటరీ నెగటివ్ తీగ తీసెయ్యాలి.

తిరిగి పెట్టేటప్పుడు ప్రతి క్లిప్పూ ప్యాడ్ గూట్లో ఉందో లేదో, ఒక్కోటి రంధ్రానికి ఎదురుగా నిలబడిందో లేదో చూసుకోండి. పక్కకి జరిగిన క్లిప్పుని అరచేత్తో కొడితే అది లోపలికి పోదు, అక్కడే నలిగిపోతుంది.