ట్యాంకు నుంచి మోటారుకు: ఎంక్యూటీటీ పనితీరు

ఎంక్యూటీటీ అనేది చిన్న పరికరాలు నెట్‌వర్క్ మీద సందేశాలు పంపుకునే పద్ధతి. చమురు పైపులైన్లను ఉపగ్రహ లింకు ద్వారా గమనించేందుకు ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ దీన్ని 1999లో రూపొందించారు. లింకు ఖరీదైనది కాబట్టి సందేశాలకు తోడయ్యే అదనపు భారాన్ని బాగా తగ్గించారు. ఇంట్లో వాడే చవక వైఫై చిప్‌లకు ఆ పొదుపే కలిసొచ్చింది.

ఇందులో పరికరాలు నేరుగా మాట్లాడుకోవు. ప్రతి సందేశమూ బ్రోకర్ అనే సాఫ్ట్‌వేర్‌కు చేరుతుంది. ఆ విషయం కావాలని ముందే చెప్పుకున్నవాటికి బ్రోకర్ దాన్ని అందిస్తుంది. అందువల్ల డాబా మీది ట్యాంకు సెన్సార్‌కు మోటారు ఎక్కడుందో తెలియనక్కర్లేదు. రేపు ఇంకో ఫోను చేరినా సెన్సార్‌లో మార్చాల్సిందేమీ ఉండదు.

సందేశం దేని గురించో చెప్పే చిరునామాను టాపిక్ అంటారు. నీళ్ల మోటారుకు మూడు చాలు:

```
home/tank/level
home/motor/set
home/motor/state
```

మొదటిది నీటిమట్టం, రెండోది మోటారుకు ఆజ్ఞ, మూడోది మోటారు అసలు స్థితి. `home/+/state` అని అడిగితే ఆ వరుసలోని అన్ని పరికరాల స్థితీ వస్తుంది. `home/#` అంటే ఇంటికి సంబంధించినవన్నీ వస్తాయి.

సెన్సార్ ఐదు నిమిషాలకోసారి మట్టం పంపుతుందనుకుందాం. మధ్యలో ఫోను తెరిస్తే తర్వాతి సందేశం వచ్చేదాకా తెర ఖాళీగా ఉంటుంది. మట్టాన్ని రిటైన్డ్ సందేశంగా పంపితే ఈ ఇబ్బంది ఉండదు. బ్రోకర్ ఆ టాపిక్‌లో చివరిదాన్ని దాచుకుని, కొత్తగా చేరినవారికి వెంటనే ఇస్తుంది. అయితే సెన్సార్ చెడిపోయినా పాత అంకే కనబడుతుంది కనుక కొలిచిన సమయాన్నీ కలిపి పంపడం మేలు.

ఆజ్ఞను మాత్రం రిటైన్డ్‌గా పంపకూడదు. `ON` అనే ఆజ్ఞ బ్రోకర్‌లో నిలిచిపోతే, కరెంటు పోయి వచ్చి మోటారు కంట్రోలర్ మళ్లీ కనెక్టయిన ప్రతిసారీ అది అందుతుంది. ట్యాంకు నిండి ఉన్నా మోటారు దానంతటదే తిరుగుతుంది. అదే టాపిక్‌కు ఖాళీ సందేశాన్ని రిటైన్డ్‌గా పంపితే పాతది చెరిగిపోతుంది.

సందేశం ఎంత ఖచ్చితంగా చేరాలో క్యూఓఎస్ స్థాయి నిర్ణయిస్తుంది. 0లో ఒక్కసారి పంపి వదిలేస్తారు. నీటిమట్టానికి అది చాలు, ఒకటి పోయినా ఐదు నిమిషాల్లో ఇంకోటి వస్తుంది. 1లో రసీదు అందకపోతే మళ్లీ పంపుతారు కాబట్టి ఒకే సందేశం రెండుసార్లు చేరవచ్చు. `ON` రెండుసార్లు చేరినా నష్టం లేదు. `TOGGLE` రెండుసార్లు చేరితే మాత్రం వేసిన మోటారు ఆగిపోతుంది. 2లో నాలుగు విడతల మార్పిడితో సందేశం సరిగ్గా ఒక్కసారే చేరుతుంది, కానీ ఆలస్యం పెరుగుతుంది. ఆజ్ఞలను `ON`, `OFF` అని విడిగా రాసుకుంటే ఇంట్లో చాలావరకు 1 సరిపోతుంది.

పంపినవారికి వచ్చే రసీదు బ్రోకర్‌కు చేరిందని మాత్రమే చెబుతుంది. మోటారు నిజంగా తిరుగుతోందో లేదో తెలియాలంటే కంట్రోలర్ `home/motor/state`లో పంపే స్థితినే చూడాలి.